కంపెనీ సొమ్ము డైరెక్టర్లే తింటే కేసు ఎవరు వేయాలి?

చాకీ, మేత, జ్వరాలు, గూళ్ల రేటు, ఇవే మన పత్రికలో ఎప్పుడూ రాసే విషయాలు. ఈ సంచికలో కొంచెం పక్కకు జరిగి కంపెనీ చట్టం గురించి రాస్తున్నాం. కారణం ఉంది. కోలారు, చింతామణి, శిడ్లఘట్ట వైపు నుంచీ, హోసూరు, కృష్ణగిరి వైపు నుంచీ రైతులు మమ్మల్ని ఒకటే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నారు. "మా ఉత్పత్తిదారుల కంపెనీలో షేర్లు కొన్నాం. కంపెనీకి రావాల్సిన లాభం డైరెక్టర్లే మళ్లించుకుంటున్నారని అనుమానం. మేం కేసు వేయొచ్చా?"

వేయొచ్చు. కానీ మీ పేరు మీద, మీ నష్టం కోసం కాదు. కంపెనీ తరఫున, కంపెనీ నష్టం కోసం వేయాలి. దీన్నే డెరివేటివ్ యాక్షన్ అంటారు. షేర్ మార్కెట్‌లో వినే డెరివేటివ్స్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. హక్కు కంపెనీది, దాన్ని వాటాదారు అరువు తీసుకుని దావా వేస్తాడు, అంతే. అది ఎప్పుడు కుదురుతుంది, ఎప్పుడు కుదరదు అన్నదే ఇవాళ్టి సంగతి.

ముందే ఒక మాట. మీ సంఘం సహకార సంఘం అయితే ఇది మీకు వర్తించదు. అక్కడ సహకార చట్టం, రిజిస్ట్రార్ విచారణ ఉంటాయి, ఆ దారి వేరు. మీ షేరు సర్టిఫికెట్ మీద కంపెనీ పేరు చివర "ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్" అని ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

*నష్టం ఎవరిది?*

ఒక లెక్క అనుకుందాం. ఒక పట్టు రైతుల కంపెనీలో 400 మంది సభ్యులు, ఐదుగురు డైరెక్టర్లు. ఒక రీలింగ్ యూనిట్ వాళ్లు నెలకు 2,000 కిలోల బైవోల్టిన్ గూళ్లు కావాలని కంపెనీతో మాట్లాడుతున్నారు. కిలోకు 10 రూపాయలు కంపెనీకి మిగులుతుంది. అంతా ఖాయం అయ్యే సమయంలో ముగ్గురు డైరెక్టర్లు తమ ఇంటివాళ్ల పేర్లతో ఒక ట్రేడింగ్ సంస్థ పెట్టి, ఆ ఒప్పందం దానికి రాయించుకున్నారు. కంపెనీకి నెలకు 20,000, ఏడాదికి 2,40,000 రూపాయలు పోయాయి.

ఇప్పుడు ఒక సభ్యుడు తన వాటా నష్టం ఇప్పించమని కోర్టుకు వెళ్లాడనుకోండి. 2,40,000ను 400తో భాగిస్తే 600 రూపాయలు. కోర్టు ఆ 600 కూడా ఇప్పించదు. "ఒప్పందం కంపెనీది, పోయింది కంపెనీ లాభం. కంపెనీ వచ్చి అడగాలి, నువ్వెవరు?" అంటుంది.

ఇక్కడ తేడా పట్టుకోవాలి. మీరు కంపెనీకి గూళ్లు తోలారు, డబ్బు రాలేదు. అది మీ సొంత బాకీ. దానికి మీ పేరు మీదే కంపెనీని అడగొచ్చు, డెరివేటివ్ యాక్షన్ అక్కర్లేదు. మిమ్మల్ని మీటింగ్‌లో ఓటు వేయనివ్వలేదు. అది కూడా మీ సొంత హక్కే. కానీ కంపెనీ ఆస్తి, కంపెనీ ఒప్పందం, కంపెనీ డబ్బు పోతే అది కంపెనీ నష్టం. అనుమానం వస్తే ఒక ప్రశ్న వేసుకోండి: గెలిస్తే డబ్బు ఎవరి ఖాతాలో పడాలి? కంపెనీ ఖాతాలో అయితే దావా కంపెనీది.

*మాంచెస్టర్‌లో పుట్టిన సూత్రం*

ఈ నియమానికి 180 ఏళ్లు దాటాయి. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర విక్టోరియా పార్క్ అనే కంపెనీ ఉండేది. భూమి కొని, ఇళ్లకు ప్లాట్లు చేసే కంపెనీ అది. డైరెక్టర్లు కంపెనీ ఆస్తిని దుర్వినియోగం చేశారని ఫాస్, టర్టన్ అనే ఇద్దరు చిన్న వాటాదారులు కోర్టుకెక్కారు. 1843లో కోర్టు వాళ్ల దావా కొట్టేసింది. తప్పు జరిగిందో లేదో తేల్చి కాదు. అన్యాయం జరిగితే అది కంపెనీకి జరిగింది, కాబట్టి దావా వేయాల్సింది కంపెనీయే అని చెప్పి. లాయర్లు దీన్ని "ఫాస్ వర్సెస్ హార్బాటిల్" సూత్రం అంటారు. మన దేశపు కోర్టులు కూడా ఈ సూత్రాన్నే పాటిస్తాయి.

నియమంలో న్యాయం లేకపోలేదు. లేకపోతే 400 మంది సభ్యులు 400 కేసులు వేస్తారు. ప్రతి చిన్న నిర్ణయానికీ కంపెనీ కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. కంపెనీకి నోరు లేదు, చేతులు లేవు. దాని తరఫున కేసు వేయాలని నిర్ణయించేది బోర్డు. తప్పు చేసినవాళ్లే బోర్డులో ఎక్కువమంది అయితే, తమ మీద తామే కేసు వేసుకుంటారా?

ఈ చిక్కు విప్పడానికే మినహాయింపు వచ్చింది. తప్పు చేసినవాళ్లు కంపెనీ సొమ్ముతో తాము లాభపడి, కంపెనీ మీద పట్టు కూడా వాళ్ల చేతుల్లోనే ఉంటే, వాటాదారు కంపెనీ తరఫున దావా వేయవచ్చు. రెండూ ఉండాలి. ఒకటి ఉంటే చాలదు.

*టొరంటో రైలు కాంట్రాక్టు*

పైన మనం అనుకున్న లెక్క గాలిలోంచి పుట్టింది కాదు. అలాంటిదే కెనడాలో నిజంగా జరిగింది. టొరంటో కన్‌స్ట్రక్షన్ కంపెనీ అని రైలు మార్గాలు వేసే కంపెనీ ఉండేది. నలుగురు వాటాదారులు, నలుగురికీ సమాన వాటా. కుక్ ఒకరు, ఇద్దరు డీక్స్‌లు, హిండ్స్ అనే ఇంకొకరు. కెనడియన్ పసిఫిక్ రైల్వేకు ఈ కంపెనీ పనులు చేస్తూ మంచి పేరు తెచ్చుకుంది.

మిగతా ముగ్గురికీ కుక్‌తో పొసగలేదు. రైల్వే నుంచి కొత్త కాంట్రాక్టు వస్తున్నప్పుడు, కుక్‌కు చెప్పకుండా ఆ ముగ్గురే మాట్లాడి, దాన్ని తమ పేర్ల మీద తీసుకున్నారు. పని చేయించడానికి వేరే కంపెనీ పెట్టుకున్నారు. తర్వాత పాత కంపెనీలో వాటాదారుల మీటింగ్ పెట్టి, "ఈ కాంట్రాక్టులో మన కంపెనీకి ఏ హక్కూ లేదు" అని తీర్మానం చేశారు. నాలుగింట మూడు వంతుల ఓట్లు వాళ్లవే కాబట్టి తీర్మానం నెగ్గింది. కాగితాల మీద అంతా సక్రమంగానే ఉంది.

కుక్ కంపెనీ తరఫున దావా వేశాడు. కెనడా కోర్టుల్లో ఓడిపోయాడు. 1916లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పులు తిరగేసింది. కాంట్రాక్టు వచ్చింది కంపెనీ పేరు మీద, కంపెనీ చేసిన పని మీద. డైరెక్టర్లుగా ఉండి సంపాదించింది కంపెనీకే చెందుతుంది. అన్నిటికన్నా మనకు ముఖ్యమైనది ఇది: కంపెనీ ఆస్తిని ఎక్కువమంది ఓటు వేసుకుని తమకు తామే కానుకగా ఇచ్చుకోలేరు అని ప్రివీ కౌన్సిల్ చెప్పింది. మీటింగ్‌లో నెగ్గినంత మాత్రాన తప్పు ఒప్పు అయిపోదు.

*తెలివితక్కువతనం వేరు, దోపిడీ వేరు*

ఇక్కడే చాలామంది రైతులు పొరపడతారు. కంపెనీకి నష్టం వచ్చింది, కాబట్టి డైరెక్టర్ల మీద కేసు వేద్దాం అంటారు. నష్టం రావడం ఒక్కటే సరిపోదు.

ఇంగ్లండ్‌లో రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. 1956లో పావ్లిడెస్ అనే వాటాదారు కేసు. సైప్రస్‌లో కంపెనీకి ఉన్న ఆస్బెస్టాస్ గనిని డైరెక్టర్లు 1,82,000 పౌండ్లకు అమ్మేశారు. దాని విలువ దాదాపు 10 లక్షల పౌండ్లని ఆయన వాదన. కానీ డైరెక్టర్లు తాము లాభపడ్డారని ఆయన చెప్పలేదు, నిర్లక్ష్యంగా అమ్మారని మాత్రమే చెప్పాడు. కోర్టు ఒప్పుకోలేదు. అది కంపెనీ లోపల మీటింగ్‌లో తేల్చుకోవాల్సిన విషయం అంది.

రెండోది డేనియల్స్ కుటుంబం కేసు. 1970లో డైరెక్టర్లు, వాళ్లు మొగుడూ పెళ్లాలు, కంపెనీ భూమిని ఆ భార్యకే 4,250 పౌండ్లకు అమ్మారు. నాలుగేళ్లకు ఆమె దాన్ని 1,20,000 పౌండ్లకు అమ్ముకుంది. చిన్న వాటాదారులు మోసం జరిగిందని కూడా అనలేదు, నిరూపించడం కష్టమని. అయినా 1978లో కోర్టు కేసు నడవొచ్చంది. డైరెక్టర్ల నిర్లక్ష్యం వల్ల కంపెనీ నష్టపోయి డైరెక్టరే లాభపడితే, దావా వేయొచ్చని చెప్పింది.

మన పనికి దీన్ని అన్వయించుకోండి. డైరెక్టర్లు చంద్రికలు ఎక్కువ రేటుకు కొన్నారు, అవి ఏడాదికే విరిగిపోయాయి. కోపం వస్తుంది, కానీ అది పావ్లిడెస్ కేసు లాంటిది. దానికి మందు తర్వాతి ఎన్నికలో ఓటు. ఆ చంద్రికలు అమ్మింది డైరెక్టర్ బామ్మర్ది అయితే, బయట దొరికే రేటుకన్నా చాలా ఎక్కువకు కొని ఉంటే, అప్పుడది డేనియల్స్ కేసు వైపు వెళుతుంది. డబ్బు ఎవరి జేబులోకి వెళ్లింది అన్నదే అసలు ప్రశ్న.

*మన చట్టం ఏం చెబుతుంది?*

భారత కంపెనీల చట్టం 2013లో "డెరివేటివ్ యాక్షన్" అనే పేరుతో ప్రత్యేక సెక్షన్ లేదు. ఇంగ్లండ్‌లో 2006 చట్టంలో దానికి ఒక భాగమే రాశారు. మన దగ్గర అది కోర్టు తీర్పుల ద్వారా నడుస్తోంది. 2016లో ఢిల్లీ హైకోర్టు ఒక కోచింగ్ సెంటర్ కంపెనీ విషయంలో ఇలాంటి దావాను అంగీకరించింది. డైరెక్టర్ పోటీ వ్యాపారం పెట్టుకున్నారన్నది అక్కడి ఆరోపణ.

కానీ డైరెక్టర్ల బాధ్యత మాత్రం చట్టంలో స్పష్టంగా ఉంది. సెక్షన్ 166 ప్రకారం డైరెక్టర్ తన లాభానికీ, తన బంధువుల లాభానికీ పదవిని వాడకూడదు. వాడితే ఎంత లాభపడ్డాడో అంత కంపెనీకి కట్టాలి. రైతుల ఉత్పత్తిదారుల కంపెనీలకు ఇంకా నేరుగా వర్తించేది సెక్షన్ 378టి. చట్టానికో, ఆర్టికల్స్‌కో విరుద్ధమైన పనికి ఓటు వేసిన డైరెక్టర్లు అందరూ కలిసీ, విడివిడిగానూ ఆ నష్టం పూడ్చాలి. వాళ్లు సంపాదించిన లాభం రాబట్టే హక్కు కంపెనీకి ఉంది.

గమనించండి, అక్కడ కూడా హక్కు "కంపెనీకి" అనే రాశారు. అందుకే డెరివేటివ్ యాక్షన్ గురించి తెలుసుకోవాలి అంటున్నాం.

*మెట్టు మెట్టుగా*

మన 400 మంది కంపెనీకే వద్దాం.

మొదట కాగితాలు. సర్వసభ్య సమావేశాల మినిట్స్ చూసే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. డైరెక్టర్లకు ఆసక్తి ఉన్న ఒప్పందాల రిజిస్టర్ ఒకటి రిజిస్టర్డ్ ఆఫీసులో ఉండాలి. దాన్నీ సభ్యులు చూడొచ్చు. బోర్డు మీటింగ్ మినిట్స్ మాత్రం సభ్యులకు చూపించాలన్న నియమం లేదు, దాని కోసం గొడవపడి టైం పోగొట్టుకోకండి. మన లెక్కలో ఆ ముగ్గురి ట్రేడింగ్ సంస్థ ఆ రిజిస్టర్‌లో కనిపించకపోవచ్చు. అది కంపెనీతో ఒప్పందం చేసుకోలేదు, కంపెనీ ఒప్పందాన్ని ఎత్తుకుపోయింది. కాబట్టి రీలింగ్ యూనిట్‌తో మొదట మాట్లాడిన ఉత్తరాలు, మెసేజీలు, కంపెనీ ఇచ్చిన కొటేషన్, వీటినే భద్రం చేయాలి. కాంట్రాక్టు మొదట కంపెనీకే వస్తోంది అన్నది చూపించకపోతే కేసు నిలవదు.

రెండోది, బోర్డుకు రాతపూర్వకంగా అడగడం. ఏ ఒప్పందం, ఎప్పుడు, ఎంత నష్టం, ఎవరి మీద చర్య తీసుకోమంటున్నారు, అన్నీ రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు పెట్టుకోండి. "కంపెనీని ముందు అడిగారా?" అని కోర్టు తప్పకుండా అడుగుతుంది.

మూడోది, సభ్యుల మీటింగ్. ఇక్కడ రైతుల కంపెనీకి ఒక బలం ఉంది. వ్యక్తులే సభ్యులైన ఉత్పత్తిదారుల కంపెనీలో ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకే ఓటు. టొరంటోలో ముగ్గురి చేతిలో మూడు వంతుల ఓట్లున్నాయి. ఇక్కడ ముగ్గురు డైరెక్టర్లకు మూడు ఓట్లే. ఓటు హక్కున్న సభ్యుల్లో మూడోవంతు మంది, మన లెక్కలో 134 మంది, సంతకాలు చేసి అడిగితే బోర్డు ప్రత్యేక సర్వసభ్య సమావేశం పెట్టాలి. 21 రోజుల్లో పిలుపు ఇవ్వకపోతే, అడిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు సంతకాలు చేసినవాళ్లే మీటింగ్ పెట్టుకోవచ్చు. కోరం నాలుగోవంతు, అంటే 100 మంది. ఆర్టికల్స్‌లో అంతకన్నా ఎక్కువ రాసి ఉంటే అదే లెక్క.

ఆ మీటింగ్ "కంపెనీ కేసు వేయాలి" అని నిర్ణయిస్తే, ఇంక డెరివేటివ్ యాక్షన్ అవసరమే లేదు. కంపెనీయే వేస్తుంది. చాలా చోట్ల వ్యవహారం ఇక్కడే తేలాలి. మీటింగే జరగనివ్వకపోతే, సభ్యుల జాబితాలో దొంగ పేర్లు ఎక్కించి ఉంటే, తీర్మానం అయినా డైరెక్టర్లు దాన్ని తొక్కిపెడితే, అప్పుడే నాలుగో మెట్టు. ఒకటి గుర్తుంచుకోండి. ఆ డైరెక్టర్లతో సంబంధం లేని రైతులే అన్నీ తెలిసి, ఎక్కువమంది "కేసు వద్దు" అంటే, కోర్టు ఆ మాటకు బరువు ఇస్తుంది.

నాలుగోది దావా. వాది పేరు మీది, "కంపెనీ తరఫున, మిగతా సభ్యుల తరఫున" అని రాస్తారు. తప్పు చేసిన డైరెక్టర్లు ప్రతివాదులు. చిత్రం ఏమిటంటే కంపెనీని కూడా ప్రతివాదిగానే పెట్టాలి. మీరు కంపెనీ మీద పోట్లాడుతున్నారని కాదు, తీర్పు కంపెనీకి కట్టుబడి ఉండాలని. అడిగేది 2,40,000 రూపాయలు కంపెనీ ఖాతాలో జమ చేయమని.

ఇంకో దారి నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్. సెక్షన్ 245 కింద గుంపు దావాకు మొత్తం సభ్యుల్లో 5 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అది. మన లెక్కలో 20 మంది చాలు. కంపెనీ వ్యవహారాలు అన్యాయంగా నడుస్తున్నాయని సెక్షన్ 241 కింద వెళ్లాలంటే పదోవంతు లేదా 100 మంది, ఏది తక్కువైతే అది. మన లెక్కలో 40 మంది. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఎక్కడుంటే ఆ ప్రాంతపు బెంచ్‌కు వెళ్లాలి. కర్ణాటకకు బెంగళూరు, తమిళనాడుకూ యానాంకూ చెన్నై, ఒడిశాకు కటక్, మహారాష్ట్రకు ముంబై. 20 మంది దొరికితే ఒక్కడు సివిల్ దావా వేసేకన్నా ఈ దారి గట్టిది.

*ఎక్కడ దెబ్బ తింటాం?*

మొదటి రోజే అవతలి లాయర్ మూడు అడ్డంకులు వేస్తాడు. ఒకటి, "దావా వేయాల్సింది కంపెనీ" అని, అదే 1843 నాటి మాట. దానికి మీ జవాబు మీరు పంపిన ఉత్తరం, జరగని మీటింగ్. రెండు, ఉత్పత్తిదారుల కంపెనీలో సభ్యులకూ డైరెక్టర్లకూ మధ్య తగాదాలు రాజీకో, ఆర్బిట్రేషన్‌కో వెళ్లాలని చట్టంలో ఉంది, కోర్టుకు ఎందుకొచ్చారని. ఏ దారి ఎంచుకోవాలో దావా వేసేముందే కంపెనీ చట్టం తెలిసిన లాయర్‌తో తేల్చుకోవాలి, తర్వాత కాదు. మూడు, కాలం మించిపోయిందని. ఇలాంటి దావాకు మామూలుగా 3 ఏళ్ల గడువు. మోసాన్ని దాచిపెట్టి ఉంటే మీకు తెలిసిన రోజు నుంచి, లేదా జాగ్రత్తగా చూస్తే తెలిసి ఉండే రోజు నుంచి లెక్క. అందుకే మీకు ఎప్పుడు, ఎలా తెలిసిందో తేదీ వేసి రాసుకోండి.

ఇంకొకటి, వాది చేతులు శుభ్రంగా ఉండాలి. ఆ ట్రేడింగ్ సంస్థకే తన గూళ్లు కావాలని తోలి, ఎక్కువ రేటు తీసుకున్న సభ్యుడు వాదిగా నిలబడితే కోర్టు ముందు అతన్నే అడుగుతుంది. తన వ్యాపార పోటీ కోసం, పాత పగ కోసం వేసిన దావాను కూడా కోర్టు ఇష్టపడదు. వాదిగా నిలబడే మనిషిని ఊర్లో ఆలోచించి ఎంచుకోండి.

ఖర్చు సంగతి దాచి లాభం లేదు. గెలిచినా డబ్బు కంపెనీకే. మీ లాయర్ ఫీజు మీ జేబులోంచే మొదలవుతుంది. 1975లో ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు, నిజాయితీగా కంపెనీ కోసం పోరాడిన మోయిర్ అనే చిన్న వాటాదారు కేసులో, అలాంటివాళ్లు ఖర్చులు కంపెనీ నుంచి అడగొచ్చని చెప్పింది. మన కోర్టును కూడా మొదట్లోనే అడగాలి, ఇస్తారని మాత్రం నమ్మకం లేదు. 600 రూపాయల వాటా కోసం ఒక్కరే లక్షలు పెట్టలేరు. 20 మంది కలిస్తే ఖర్చు ఇరవయ్యో వంతు అవుతుంది, ట్రిబ్యునల్ దారీ తెరుచుకుంటుంది.

వచ్చే సర్వసభ్య సమావేశానికి వెళ్లేటప్పుడు మీ షేరు సర్టిఫికెట్ నకలు వెంట పెట్టుకోండి. డైరెక్టర్లకు ఆసక్తి ఉన్న ఒప్పందాల రిజిస్టర్ బల్ల మీద పెట్టమని అడగండి. అడిగిన సంగతి మినిట్స్‌లో రాయించండి. రేపు కేసు దాకా వెళ్తే, మీ మొదటి కాగితం అదే.